యాభై దగ్గర నిలబెట్టే లెక్కలో కోత ఎవరి వంతు?

ఎండలు 43, 44 డిగ్రీలకు చేరిన రోజుల్లో పొద్దు గూకే వేళ కరెంటు పోతే మన మర్రిగూడ పల్లెల్లో రెండు మాటలు వినిపిస్తాయి. “హైదరాబాద్‌ల ఏసీలు నడవాలని మన లైను బంద్ పెట్టిండ్రు” అన్నది ఒకటి. “రైతులు అడ్డూ అదుపూ లేకుండా మోటార్లు నడిపితే గ్రిడ్ కూలిపోదా?” అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ పూర్తి నిజం కావు. కోత ఎందుకు పడుతుందో తెలియకుండా కోతలో మన వాటా ఎంత ఉండాలో అడగలేం. ఈ నెల సంపాదకీయాన్ని అందుకే ఈ విషయానికి కేటాయిస్తున్నాం.

మనది కాలువ నీరు పారని ప్రాంతం. బోరు నడిస్తేనే పైరు. ఏప్రిల్, మే నెలల్లో బత్తాయి తోటకు రెండు మూడు తడులు తప్పితే పిందె రాలుతుంది, ముదిరితే చెట్టే ఎండుతుంది. చెట్టు ఎండితే పోయేది ఒక ఏడాది పంట కాదు, ఏళ్ల తరబడి పెట్టిన పెట్టుబడి. మన దగ్గర కోత లెక్క అంత గట్టిది.

ముందు 50 అనే అంకె సంగతి చూద్దాం. మన మోటారుకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు, 50 హెర్ట్జ్ అని రాస్తారు. బొగ్గు ప్లాంటులో జనరేటరు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే వచ్చేది ఈ 50. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే గ్రిడ్‌లో ఉన్న జనరేటర్లన్నీ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే తాళంలో తిరుగుతాయి. అందువల్ల ఏ క్షణంలో చూసినా మర్రిగూడలో ఎంత ఫ్రీక్వెన్సీ ఉంటే ఢిల్లీలోనూ అంతే ఉంటుంది.

పాత ఆయిల్ ఇంజను నడిపినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. ఇంజను మీద బరువు పెరిగితే చప్పుడు మారుతుంది, చక్రం నెమ్మదిస్తుంది. గవర్నరు అది పసిగట్టి డీజిల్ ఎక్కువ వదిలితే మళ్లీ వేగం అందుకుంటుంది. డీజిల్ అప్పటికే పూర్తిగా తెరిచి ఉంటే, బరువైనా తగ్గించాలి, లేదా ఇంజను ఆగిపోతుంది. గ్రిడ్ కూడా ఇంతే. దేశమంతా వాడే కరెంటు ఆ క్షణంలో తయారయ్యే కరెంటును మించితే, తేడాను తిరిగే యంత్రాలు తమ ఊపులోంచి ఇస్తాయి. దాంతో వాటి వేగం తగ్గి ఫ్రీక్వెన్సీ 50 కన్నా కిందికి జారుతుంది. తయారీ ఎక్కువైతే పైకి పోతుంది. బావిలో నీళ్లలాగా కరెంటును నింపి పెట్టుకునే ఏర్పాటు దేశ అవసరంతో పోలిస్తే చాలా చిన్నది. అందుకే ఈ సమానం ప్రతి క్షణమూ కుదరాలి. మన దేశ గ్రిడ్ నియమావళి ప్రకారం ఫ్రీక్వెన్సీ 49.90కి, 50.05కి మధ్య ఉండాలి.

ఇంత చిన్న తేడాతో మనకేం పని అనుకోవద్దు. బోరులో దించిన పంపు నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదో దాని వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం నాలుగు వంతులు తగ్గితే ఎత్తు ఎనిమిది వంతుల దాకా తగ్గుతుంది, అంటే నూటికి ఎనిమిది. 50 హెర్ట్జ్ దగ్గర 100 మీటర్లు నెట్టే పంపు, 48 దగ్గర 92 మీటర్లే నెడుతుంది. బోరులో నీటిమట్టం 95 మీటర్ల లోతుకు పడిపోయి ఉంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పైకి రావు. దక్షిణాది గ్రిడ్ ఒకప్పుడు గంటల తరబడి 48 దరిదాపుల్లో నడిచేది. 2003 జనవరిలో దక్షిణ ప్రాంతానికి కొత్త లెక్క వచ్చింది. ఫ్రీక్వెన్సీ తక్కువున్నప్పుడు తన వాటాకు మించి గుంజుకునే రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలన్నారు. అప్పటి నుంచి పరిస్థితి కుదుటపడుతూ వచ్చింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది మిగతా దేశంతో ఒకే గ్రిడ్‌గా కలిసింది. పెద్ద గ్రిడ్‌లో ఒక ప్లాంటు ఆగినా కుదుపు చిన్నగా ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మోటార్లు కాలిపోవడానికి ఎక్కువగా కారణం లోవోల్టేజి, ఫ్రీక్వెన్సీ కాదు. ఫ్రీక్వెన్సీ దేశమంతటి లెక్క. వోల్టేజి మన ట్రాన్స్‌ఫార్మర్‌ది, మన లైనుది. రెండింటి మందులూ వేరు.

ఇంతకూ 50ని నిలబెట్టేదెవరు? మొదటి కాపలా ప్లాంట్లలోని గవర్నర్లది. వేగం తగ్గిన కొద్ది సెకన్లలోనే అవి ఆవిరి వాల్వును, నీటి గేటును ఇంకాస్త తెరుస్తాయి. రెండో కాపలా ఢిల్లీలోని జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్‌ది. అక్కడి కంప్యూటరు కొన్ని ఎంపిక చేసిన ప్లాంట్లకు పెంచు, తగ్గించు అని కొన్ని సెకన్లకోసారి సంకేతాలు పంపుతుంది. మూడోది మనుషుల పని. దక్షిణాదికి బెంగళూరులో, మన రాష్ట్రానికి హైదరాబాద్‌లో లోడ్ డిస్పాచ్ సెంటర్లు ఉన్నాయి. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ రాష్ట్రం ఎంత తీసుకోవాలో ముందే రాసుకుంటారు. రాసుకున్నదానికీ తీసుకున్నదానికీ తేడా వస్తే డబ్బు కట్టాలి.

ఈ ఏర్పాటు ఎంత బలమైనదో 2020 ఏప్రిల్ 5న తెలిసింది. కరోనా కాలంలో ఆ రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చారు. దేశంలో వాడకం ఒక్కసారిగా 31,000 మెగావాట్లకు పైగా పడిపోయింది. అయినా ఫ్రీక్వెన్సీ 49.70కి, 50.26కి మధ్యనే ఉంది. జలవిద్యుత్తును ముందే పెంచి ఉంచి, లైట్లు ఆరుతుంటే 17,000 మెగావాట్లకు పైగా తగ్గించి, మళ్లీ వెలుగుతుంటే వెంటనే పెంచారు. అది ముందే తెలిసిన గంట. పైగా చేతిలో తగ్గించడానికీ పెంచడానికీ సందు ఉంది. వడగాడ్పుల సాయంత్రం లేనిది ఆ సందే.

పగలంతా సోలారు కరెంటు పుష్కలంగా వస్తుంది. ఆరు దాటేసరికి అది సున్నాకు దిగుతుంది. మామూలు రోజుల్లో సాయంత్రానికి వేడి తగ్గి ఏసీలు, కూలర్లు కొన్నయినా ఆగుతాయి. వడగాడ్పుల రోజుల్లో గోడలు, స్లాబులు రాత్రి పది దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి కాబట్టి అవి ఆగవు. వాటికి లైట్లు, టీవీలు తోడవుతాయి. సోలారు వదిలిన ఖాళీని మిగతా ప్లాంట్లు రెండు మూడు గంటల్లో నింపాలి. బొగ్గు యూనిట్లు నిమిషానికి తమ సామర్థ్యంలో నూటికి ఒక వంతు చొప్పున మెల్లగా ఎక్కుతాయి. చల్లారిన యూనిట్‌ను వెలిగించాలంటే గంటలు పడుతుంది. పైగా గాలి, నీరు వేడెక్కితే ఆవిరి సరిగా చల్లబడక వాటి రాబడి కూడా కాస్త తగ్గుతుంది.

నిమిషాల్లో అందుకునేది నీటి కరెంటు ఒక్కటే. మన జిల్లాలోనే ఉన్న నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రానిది 900. సాగర్‌లోని ఎనిమిది యూనిట్లలో ఏడు, ఎడమగట్టులోని ఆరు యూనిట్లూ కిందికి వదిలిన నీటిని తిరిగి పైకి ఎత్తగలిగే రకం. కానీ మే నెలలో జలాశయాల మట్టం అడుగంటుతుంది, ఉన్న నీరు తాగడానికి కాపాడుకోవాలి. అంటే చేయి చాచవలసిన గంటలోనే ఆ చేయి పొట్టిదవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, తీరు మాత్రం నిజమైనది. ఒక సాయంత్రం 7 గంటల ముక్కకు రాష్ట్రం 10,000 మెగావాట్లు రాసుకుంది. ఉక్కపోత వల్ల వాడకం 10,600కు పోయింది. అదనపు 600 గ్రిడ్ నుంచి గుంజుతున్నట్టు లెక్క. మిగతా రాష్ట్రాలకు మిగులు ఉంటే ఫ్రీక్వెన్సీ కదలదు, మనం డబ్బు కట్టి బయటపడతాం. కానీ వడగాడ్పు ఒక్క రాష్ట్రానికే రాదు కదా. పక్కవాళ్లందరూ అదే గంటలో గుంజితే ఫ్రీక్వెన్సీ 49.90 దాటి కిందికి జారుతుంది. బెంగళూరు నుంచి ‘మీ గుంజుడు తగ్గించండి’ అని సందేశం వస్తుంది. మన సెంటర్‌వాళ్లు ముందు సాగర్‌ను అడుగుతారు. తర్వాత అరగంటకోసారి వేలం జరిగే మార్కెట్‌లో కొనబోతారు. అక్కడ కొన్నది చేతికందడానికి కొంత సమయం పడుతుంది, అందరూ కొనే గంటలో అసలు దొరకకనూ పోవచ్చు. ఇక మిగిలింది బరువు దించడమే. ఒక 11 కేవీ ఫీడరు మీద రెండు మూడు మెగావాట్ల లోడు ఉంటుంది. 600 దించాలంటే రెండు వందల నుంచి మూడు వందల ఫీడర్లు ఆపాలి. సబ్‌స్టేషన్‌కు ఫోన్ వస్తుంది, ఆపరేటరు బ్రేకరు తీస్తాడు. లాగ్‌బుక్‌లో దీనికి పెట్టే పేరు ‘ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్’, వాడుకలో ఈఎల్‌ఆర్.

తీయకుంటే ఏమవుతుంది? ఫ్రీక్వెన్సీ 49.4కు పడితే రిలేలు వాటంతటవే ఫీడర్లు తీసేస్తాయి. ఇంకా పడితే 48.8 వరకు మెట్టు మెట్టుకూ మరికొన్ని పోతాయి. అప్పుడు ఎవరి పైరు, ఎవరి ఆసుపత్రి అని చూసే తీరిక ఉండదు. కుంగుడు ఆగకపోతే ప్లాంట్లు తమను తాము కాపాడుకోవడానికి విడిపోతాయి, అప్పుడు మొత్తం చీకటే. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదికి అదే అనుభవమైంది. వానలు వెనకబడ్డ ఏడాది, కరెంటు వాడకం విపరీతంగా ఉంది, కొన్ని రాష్ట్రాలు వాటాకు మించి గుంజాయి. 30న కూలే ముందు ఫ్రీక్వెన్సీ 49.68 మాత్రమే, మరీ ప్రమాదకరం కాదు. కానీ బినా–గ్వాలియర్ లైను మీద మోయలేనంత బరువు పడి అది తెగిపోగానే మిగతా లైన్లు ఒకదాని వెంట ఒకటి పోయాయి. 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేకుండా పోయింది. దక్షిణాది అప్పటికింకా వాటితో ఒకే తాళంలో కలవలేదు కాబట్టి తప్పించుకుంది. కాబట్టి నిజమైన కొరత గంటలో కొంత కోత తప్పదన్నది మేమూ ఒప్పుకుంటాం. మా ప్రశ్న కోత ఉండాలా వద్దా అన్నది కాదు, ఎవరికి, ఎంతసేపు, ఏ లెక్కన అన్నది.

ఎందుకంటే ఏ ఫీడరు తీయాలన్నది ప్రకృతి నిర్ణయం కాదు, మనుషుల నిర్ణయం. 2022ను గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది మార్చి నెల దేశంలో 1901 నుంచి నమోదైన మార్చి నెలలన్నింటిలోకీ వేడైనది. ఏప్రిల్ 29న దేశ డిమాండు 2,07,000 మెగావాట్లు దాటింది. ప్లాంట్ల దగ్గర బొగ్గు నిల్వలు తరిగిపోయాయి, చివరి వారంలో లోటు పది వేల మెగావాట్లు దాటిన రోజూ ఉంది. మార్కెట్‌లో యూనిట్ ధర 20 రూపాయలకు ఎగబాకితే నియంత్రణ మండలి 12 రూపాయల పరిమితి పెట్టింది. పరిమితి పెట్టినా సరుకు లేనిచోట కొనేదేముంది? పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 8 నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడిచే ఫ్యాక్టరీలను సగం కరెంటే వాడమన్నారు. ఇళ్లకు, వ్యవసాయానికి ఇవ్వడానికే ఆ నిర్ణయమని చెప్పారు. అంటే తలచుకుంటే వరుస మార్చవచ్చు. ముందే చెప్పి, తేదీలు వేసి, కోతను పంచవచ్చు.

మన దగ్గర జరిగేది వేరు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా అన్నారు కాబట్టి ప్రకటించిన కోత అంటూ లేదు. ప్రకటన లేని కోతకు లెక్క ఉండదు. సబ్‌స్టేషన్‌లో ఊరి ఫీడర్లు, తోటల ఫీడర్లు తీయడం సులువు. పట్టణంలో ఆసుపత్రులు, నీటి పంపులు, ఇళ్లు ఒకే ఫీడరు మీద కలిసి ఉంటాయి కాబట్టి చేయి అటు వెళ్లదు. కారణం అర్థమయ్యేదే. కానీ ప్రతిసారీ అదే కారణం చెబితే భారమంతా ఒకే భుజం మీద పడుతుంది.

ఇక్కడే మన రాష్ట్ర లెక్కలో ఒక విశేషం ఉంది. తెలంగాణ డిమాండు శిఖరానికి చేరేది మేలో కాదు, మార్చిలో. యాసంగి వరికి ఎండ తోడైనప్పుడు. 2023 మార్చి చివర 15,000 మెగావాట్లు, 2025 మార్చిలో 17,000 దాటింది. వరి కోతకొచ్చాక, మేలో మోటార్ల వాడకం చాలా తగ్గిపోతుంది. అప్పుడు సాయంత్రాలను బరువెక్కించేది ప్రధానంగా పట్టణాల చల్లదనం. మార్చి పగటి లోడులో మన వాటా పెద్దదే, దాన్ని దాచనక్కర్లేదు. మే సాయంత్రపు లోటును మాత్రం బోరు బావుల ఖాతాలో రాయడం సరికాదు.

కరెంటు పోయిన ప్రతిసారీ అది గ్రిడ్ కొరతే అనుకోవడమూ పొరపాటే. గుర్తుపట్టడానికి మూడు దారులున్నాయి. ఒక్క మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద మాత్రమే పోతే ఫ్యూజు ఎగిరినట్టు. ఫీడరు మొత్తం పోయి, గాలి దుమారం ఏదీ లేకుండా, పక్క ఫీడర్లూ వంతులవారీగా ఆగుతుంటే అది ఈఎల్‌ఆర్. ఆ సమయంలో ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గ్రిడ్ ఇండియా వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. 49.90కి కిందే ఎంతోసేపు ఉంటే కొరత దేశవ్యాప్తమైనదని తెలుస్తుంది. 50 దగ్గరే ఉంటే, ఆగింది మన సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మరో, లైనో భారం మోయలేక కావచ్చు, లేదా రాష్ట్రం తన వాటా దాటకూడదని తీసి ఉండవచ్చు. ఏదైందీ లాగ్‌బుక్‌లో ఉండాలి. అడిగే హక్కు మనకుంది.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది, ఆటో స్టార్టరు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు సుమారు 33 ఆంపియర్లు మోస్తుంది. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఎనిమిది ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కాబట్టి నాలుగు మోటార్లకు అది సరిగ్గా సరిపోతుంది. కానీ మోటారు లేచే క్షణంలో ఐదారు రెట్లు గుంజుతుంది. కరెంటు రాగానే నాలుగు ఆటో స్టార్టర్లూ ఒక్కసారే లేస్తే 160 ఆంపియర్లు దాటుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా వైండింగు కాలుతుంది. ఫీడరంతా ఇలాగే లేస్తే బ్రేకరు మళ్లీ పడిపోతుంది, అరగంట కోత గంటన్నర అవుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు మాట్లాడుకుని ఒకరి తర్వాత ఒకరు, నిమిషం రెండు నిమిషాల ఎడంతో డబ్బా నొక్కితే ఈ నష్టం ఉండదు. ప్రతి మోటారుకు కెపాసిటరు పెడితే గుంజుడు ఒక ఆంపియరు మేర తగ్గి వోల్టేజి నిలబడుతుంది. కెపాసిటరుతో దేశం ఫ్రీక్వెన్సీ మారదు గానీ మన ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది.

ఇవన్నీ చూశాక మన సంఘం డిస్కం ముందు, ప్రభుత్వం ముందు నాలుగు విషయాలు పెడుతోంది.

ఒకటి, వడగాడ్పుల రోజుల్లో పగలు సోలారు పుష్కలంగా ఉండే వేళ, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు, వ్యవసాయ ఫీడర్లకు తెగకుండా త్రీఫేజు కరెంటు ఇవ్వాలి. ఆ హామీ నిలబెడితే సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా మోటార్లు ఆపడానికి రైతులను ఒప్పించే బాధ్యత మేం తీసుకుంటాం. బత్తాయి చెట్టుకు తడి ఏ గంటకు అందిందన్నది ముఖ్యం కాదు, అందిందా లేదా అన్నదే ముఖ్యం. గ్రిడ్‌కు మాత్రం ఆ గంటే ముఖ్యం. ఇద్దరికీ కలిసొచ్చే బేరం ఇది.

రెండు, సాయంత్రం కొరత తప్పనప్పుడు కోతను అరగంట చొప్పున పట్టణ, గ్రామ ఫీడర్లన్నింటికీ వంతులవారీగా పంచాలి. ఆసుపత్రులు, తాగునీటి పథకాలు తప్ప దేనికీ మినహాయింపు ఉండకూడదు. వంతుల పట్టికను ముందురోజే సబ్‌స్టేషన్ గోడకు అతికించాలి, ఫోన్లకు పంపాలి.

మూడు, ప్రతి ఫీడరు ఈఎల్‌ఆర్ లెక్కను, ఎన్ని గంటలకు తీశారు, ఎవరు చెబితే తీశారు, ఎప్పుడు ఇచ్చారు అన్న వివరాలతో నెలనెలా బయటపెట్టాలి.

నాలుగు, ఐదో మోటారు తగిలించిన 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లను ఎండాకాలానికి ముందే గుర్తించి సామర్థ్యం పెంచాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మరు మార్పు ఖర్చు రైతుల మీద వేయకూడదు.

ఈ నెల నుంచి ప్రతి గ్రామ శాఖ ఒక నోటుబుక్కు పెట్టాలని కోరుతున్నాం. కరెంటు పోయిన తేదీ, సమయం, వచ్చిన సమయం, పక్క ఫీడరు ఉందా లేదా, ఇంతే రాయండి. జూన్ మొదటి వారంలో అన్ని ఊళ్ల పుస్తకాలను సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌తో పక్కపక్కన పెట్టి చూద్దాం. వాటా మించి కోత ఎవరికి పడిందో ఆ రెండు పుస్తకాలే చెబుతాయి.